కుక్క తన మలం తానే తింటోందా? పెరట్లో గుంతలు తవ్వుతోందా? ఇలా తగ్గించండి

మలం మీద కారం చల్లితే కుక్క ముట్టదని చాలామంది నమ్మకం. గుంటూరు కారం ఘాటుకు కుక్క కళ్లూ ముక్కూ మండుతాయి తప్ప అలవాటు పోదు. కారం లేని చోట మళ్లీ తింటుంది. తిండిలో కలిపే పొడులదీ అదే కథ. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన సర్వేలో, అలాంటి పొడులూ బిళ్లలూ వాడిన కుక్కల్లో మానేసినవి నూటికి రెండు కూడా దాటలేదు. అదే సర్వేలో తేలిన ఇంకో సంగతి మనకు ఎక్కువ పనికొస్తుంది: ఈ అలవాటున్న కుక్కల్లో దాదాపు అన్నీ తినేది తాజా మలాన్నే, అంటే రెండు రోజుల లోపుదాన్ని. కాబట్టి అసలు వైద్యం మలం నేల మీద ఉండే సమయాన్ని తగ్గించడమే.

అంతకంటే ముందు జబ్బేమీ లేదని తేల్చుకోవాలి. బాగా తింటూనే చిక్కిపోతుంటే, మలం ఎక్కువగా, జిడ్డుగా, లేత రంగులో వస్తుంటే క్లోమం సరిగా పనిచేయడం లేదేమో చూపించాలి. నులిపురుగులున్నా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా ఆకలి పెరిగి ఇలా తినవచ్చు. పెద్ద కుక్క ఉన్నట్టుండి మొదలుపెడితే మలం నమూనాతో పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. పాలిచ్చే తల్లి తన పిల్లల మలాన్ని నాకి శుభ్రం చేయడం మాత్రం సహజం, ఆపనక్కర్లేదు.

ఒక ఇల్లు ఊహించుకోండి. అయిదు నెలల లాబ్రడార్ పిల్ల. పొద్దున 7 గంటలకు పెరుగన్నం, రాత్రి 8కి మళ్లీ పెరుగన్నం. తినగానే పెరట్లోకి వదిలేస్తారు. 7.20కి అది దొడ్డికి పోతుంది. పనమ్మాయి వచ్చి పెరడు ఊడ్చేది 9 గంటలకు. ఆ గంటా నలభై నిమిషాలు పిల్ల ఒంటరిగా, అరకొర తిండితో, మలం పక్కనే ఉంటుంది. తినక ఏం చేస్తుంది?

ఇక్కడ మొదట మార్చాల్సింది తిండి. ఆ వయసు పిల్లకు రోజుకు మూడుసార్లు పెట్టాలి. ప్యాకెట్ మేత అయితే దాని మీద బరువును బట్టి రాసిన కొలతను మూడు భాగాలు చేయండి. ఇంటి తిండే పెడితే ఒట్టి పెరుగన్నం చాలదు. అన్నం తగ్గించి ఉడికించిన చికెన్, గుడ్డు చేర్చండి, మోతాదు వైద్యుడితో ఖాయం చేసుకోండి.

తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు పిల్లలు సాధారణంగా దొడ్డికి పోతాయి. ఆ వేళకు అయిదడుగుల లీష్ తగిలించి రోజూ ఒకే మూలకు తీసుకెళ్లి, మాట్లాడకుండా నిలబడండి. అది పని ముగించి నడుము నిలబెట్టే క్షణం కీలకం. వెనక్కి తిరిగి వాసన చూడకముందే చిన్న చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టి, “రా” అని నాలుగడుగులు ఇవతలికి నడిపించి అప్పుడు తినిపించండి. ఇంకొకరు మలం ఎత్తేయాలి. మీరొక్కరే ఉంటే లీష్‌ను స్తంభానికి కట్టి ఎత్తండి. రోజూ ఇలాగే చేస్తుంటే, పని కాగానే అదే మీ వైపు తిరగడం మొదలవుతుంది. అంతమాత్రాన లీష్ తీసేయకండి, రెండు మూడు నెలలు సాగించాలి. అరిచినా, మూతి మలానికి రుద్దినా జరిగేది ఒక్కటే: మీరు వచ్చేలోపు గబగబా మింగేయడం నేర్చుకుంటుంది.

తవ్వే కుక్క విషయంలో గుంత ఎక్కడుందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో మల్లెపాదులో, కుళాయి పక్కన తవ్వి ఆ గుంతలోనే పడుకుంటే దానికి కావాల్సింది చల్లదనం. నీడలో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతున ఇసుక గుంట చేసి రోజూ తడపండి. మొదట్లో అందులో దాని బొమ్మలు పూడ్చిపెట్టండి, అక్కడ తవ్వితే మెచ్చుకోండి. పాదుల్లో రెండంగుళాల మట్టి కింద కోళ్ల జాలీ పరిచి, అంచుల తీగలు కిందికి వంచండి. కాలు తగిలితే గీరుకోకూడదు.

గోడ వారన ఒకే చోట వాసన చూస్తూ తవ్వుతుంటే అక్కడ పందికొక్కు బొరియ ఉందేమో వెతకండి. ఉంటే బోనుతో పట్టండి, విషం పెడితే కుక్క ప్రాణానికే ముప్పు.

కొత్తగా ఎరువు వేసిన మర్నాడే తవ్వితే ఆ ఎరువు ఏమిటో చూడండి. ఎముకల పొడి, చేపల ఎరువు వాసనకు కుక్కలు వస్తాయి. ఆముదం పిండి అంతకంటే ప్రమాదం. దాన్ని కుక్క ఇష్టంగా తింటుంది, అందులోని రిసిన్ విషం ప్రాణం తీయగలదు. కుక్క ఉన్న ఇంట్లో అది వాడొద్దు. తిన్నదని అనుమానం వస్తే, లక్షణాలు కనబడటానికి గంటలు పట్టవచ్చు కాబట్టి వాంతులయ్యేదాకా ఆగకుండా, ఆ సంచీతో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.