రెండు వ్యూలలో రెండు కొలతలుంటే డ్రిల్ ఆపండి, మెయిల్ రాయండి

చర్లపల్లిలో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్ వాళ్లకు ఈమధ్య ఒక బేస్ ఫ్రేమ్ మొత్తం స్క్రాప్‌కి పోయింది. వెల్డింగ్‌లో తప్పు లేదు, మెటీరియల్‌లో తప్పు లేదు. గేర్‌బాక్స్ సప్లయర్ పంపిన డ్రాయింగ్‌లో ఒకే దూరం ప్లాన్‌లో ఒకలా, ఫ్రంట్ వ్యూలో ఇంకోలా ఉంది. మార్చి నెలాఖరు డిస్పాచ్‌ల హడావుడి మొదలైతే ఇలాంటివి మళ్లీ జరుగుతాయి కాబట్టి పర్చేజ్‌లో కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఏం జరిగిందో చూడండి. గేర్‌బాక్స్ కాళ్లకు ఉన్న బోల్టు హోల్స్ మధ్య దూరం ప్లాన్‌లో 260, ఫ్రంట్ వ్యూలో 265. కాలి మొత్తం పొడవు రెండింటిలోనూ 320. ప్లాన్‌లో రెండు అంచులకూ చెరో 30 ఇచ్చారు. 30, 260, 30 కలిపితే 320 సరిపోయింది. ఫ్రంట్ వ్యూలో అంచు కొలతే ఇవ్వలేదు. లెక్క కుదిరింది కాబట్టి ప్లానే కరెక్ట్ అనుకున్నారు. అయినా అనుమానం తీరక సప్లయర్ సేల్స్ ఆయనకు ఫోన్ చేశారు. "పైన వ్యూలో ఉన్నదే వేసుకోండి సార్, ఏం కాదు" అన్నాడాయన. ఫ్రేమ్‌కి 260తో హోల్స్ పడ్డాయి.

గేర్‌బాక్స్ వచ్చాక కొలిస్తే 265. ప్లాన్ వ్యూ పాత మోడల్ నుంచి తెచ్చి అతికించింది. అసలు అంచు 27.5. అంటే 27.5, 265, 27.5 కలిపినా 320యే. లెక్క కుదరడం ఒక ఆధారమే తప్ప తీర్పు కాదని అందుకే అంటాను.

5 మిల్లీమీటర్లే కదా, ఎలాగో సర్దుకుంటుందిలే అనేవాళ్లూ ఉంటారు. గేర్‌బాక్స్ కాల్లో హోల్ 18, ఫ్రేమ్‌లో హోల్ 18, బోల్టు ఎం16. రెండు హోల్స్ ఒకదానికొకటి 2 మిల్లీమీటర్ల దాకా పక్కకు జరిగినా బోల్టు దూరుతుంది. ఇక్కడ ఒక్కో వైపు తేడా 2.5. దూరలేదు. గ్యాస్ కటింగ్‌తో హోల్స్ సాగదీశారు. అప్పుడు వాషర్ కింద సరిగ్గా ఆనడానికి చోటు లేక బోల్టు బిగింపు నిలవలేదు, కప్లింగ్ అలైన్‌మెంట్ కుదరలేదు. తేడా 3 మిల్లీమీటర్లే ఉండుంటే బోల్టు దూరేది. కానీ అలైన్‌మెంట్ కోసం గేర్‌బాక్స్‌ని అటూ ఇటూ జరపడానికి సందు దాదాపు మిగిలేది కాదు. టాలరెన్స్ పేరు చెప్పి తప్పించుకోవడానికీ లేదు. ఐఎస్ఓ 2768లో మీడియం తరగతి కింద ఈ పొడవుకి ఇచ్చేది ప్లస్ ఆర్ మైనస్ 0.5 మాత్రమే.

నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒక్కటే: ఫోన్‌లో చెప్పారు కదా అని పని మొదలుపెట్టడం. సవరించిన డ్రాయింగ్ చేతికి రాకముందు డ్రిల్ పెట్టకూడదు. ఫోన్ ఎత్తేది సేల్స్ మనిషి. డ్రాయింగ్ గీసింది డిజైన్ విభాగం. ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారో లేదో మనకు తెలిసే దారి లేదు. ప్లాన్ గెలుస్తుందని గానీ, ఫ్రంట్ వ్యూ గెలుస్తుందని గానీ చెప్పే ప్రమాణం మెషిన్ డ్రాయింగ్‌లలో లేదు. ఒక కొలత ఒక్కచోటే ఇవ్వాలన్నది నియమం. అది తప్పింది కాబట్టే గొడవ వచ్చింది, దాన్ని తీర్చాల్సింది డ్రాయింగ్ ఎవరిదో వాళ్లే. ఈ కేసులో డ్రాయింగ్ సప్లయర్‌ది. అదే మన డ్రాయింగ్ సప్లయర్ దగ్గరికి వెళ్లి ఉంటే ఆయన్ని అడిగి లాభం లేదు, మన డిజైన్ వాళ్లని అడగాలి. పర్చేజ్ సీట్లో ఉన్న మనం ఏ డ్రాయింగ్‌కీ యజమానులం కాదు.

మెయిల్ రాసేముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, ఆ కొలతల్లో ఏదైనా బ్రాకెట్‌లో ఉందా? ఉంటే అది సమాచారం కోసమే, దాన్ని పాటించనక్కర్లేదు. రెండోది, టైటిల్ బ్లాక్‌లో ప్రొజెక్షన్ గుర్తు. మనం చదువుకున్నది ఫస్ట్ యాంగిల్. థర్డ్ యాంగిల్ డ్రాయింగ్‌ని అలాగే చదివితే కుడి వైపు ఎడమ అయిపోతుంది, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

"నమస్కారం అండీ. మీ గేర్‌బాక్స్ జీఏ డ్రాయింగ్ షీట్ 1, రివిజన్ 2లో పొడవు వైపు ఫుట్ హోల్స్ సెంటర్ల దూరం ప్లాన్‌లో 260 అని, ఫ్రంట్ వ్యూలో 265 అని ఉంది. రెండు చోట్లా ఎర్రగా గుర్తు పెట్టిన పేజీ జత చేశాను. ఏ కొలత పాటించాలో మీ డిజైన్ విభాగంతో చెప్పించండి. అంచు కొలత, షాఫ్ట్ నుంచి ఫుట్ హోల్‌కి ఉన్న దూరం కూడా మారతాయేమో చూడండి. సరిచేసిన డ్రాయింగ్ రివిజన్ 3గా పంపండి. అది వచ్చేదాకా బేస్ ఫ్రేమ్ డ్రిల్లింగ్ ఆపాం. గురువారం లోపు అందకపోతే మా డిస్పాచ్ తేదీ వెనక్కి పోతుంది."

షాఫ్ట్ దూరం గురించి అడగడం ఎందుకంటే, హోల్స్ 5 మిల్లీమీటర్లు జరిగితే ఆ జరగడం రెండు వైపులా సగం సగమా, ఒకే వైపా అన్నది తేలాలి. అది తేలకపోతే 265 అని తెలిసినా మోటార్ ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

"260 కదా కరెక్ట్?" అని అడగొద్దు. అవతలివాళ్లు డ్రాయింగ్ తెరవకుండానే ఎస్ అంటారు.

"దయచేసి కన్ఫర్మ్ చేయండి" అని మాత్రమే రాస్తే "డ్రాయింగ్ ప్రకారం చేయండి" అని జవాబొస్తుంది. ఏ డ్రాయింగ్ ప్రకారం? అంకె రాయించండి.

ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలవొద్దు. కాగితానికి సరిపోయేలా ప్రింటర్ కుదించి ఉంటుంది.

క్యాడ్ ఫైల్ తెరిచి కొలిచి అదే నిజమని చెప్పొద్దు. గీత మార్చకుండా అంకె ఒక్కటే టైపు చేసి మార్చేసే అలవాటు చాలామందికి ఉంది.

ఒక మెయిల్‌లో ఒక డ్రాయింగ్. రేటు, పేమెంట్ అందులో కలపొద్దు, జవాబు వాటికే వస్తుంది.

రెండూ కలిపి సగటు తీసి 262.5 వేయొద్దు. నవ్వకండి, వేసినవాళ్లున్నారు.

వాట్సాప్‌లో "ఓకే" వస్తే థాంక్స్ చెప్పి, మెయిల్‌లో డ్రాయింగ్ అడగండి. సవరించిన డ్రాయింగ్ రాకముందు డ్రిల్ పెట్టొద్దు.

కొత్త రివిజన్ వచ్చిన రోజే షాప్‌లో ఉన్న పాత కాపీలు వెనక్కి తీసుకోండి. సూపర్‌వైజర్ డ్రాయర్‌లో ఉన్నది కూడా. సబ్ కాంట్రాక్టర్ ఫోన్‌లో ఉన్న ఫొటో కూడా.

గేర్‌బాక్స్ ఇప్పటికే స్టోర్‌లో ఉంటే కాలిపర్‌తో కొలవండి. రెండు హోల్స్ లోపలి అంచుల మధ్య దూరానికి ఒక హోల్ వ్యాసం కలిపితే సెంటర్ దూరం వస్తుంది. 247కి 18 కలిపితే 265. ఆ కొలత ఫొటోతో సహా మెయిల్‌లో పెట్టండి. సరిచేసిన డ్రాయింగ్ అడగడం మాత్రం మానొద్దు, అడగకపోతే వచ్చే ఆర్డర్‌కి వాళ్లు పంపేది మళ్లీ ఆ రివిజన్ 2 డ్రాయింగే.