ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారుతున్నారా? ముందు వాట్సాప్ సంగతి చూడండి

ఫొటోలు, కాంటాక్టులు ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. వాట్సాప్ చాట్లు అలా కాదు. గూగుల్ డ్రైవ్‌లో దాచిన వాట్సాప్ బ్యాకప్ ఐఫోన్‌లో పనిచేయదు. కొత్త ఫోనును మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే చాట్లను తెచ్చుకోవాలి. సెటప్ ఇప్పటికే ముగించేసి ఉంటే, ఐఫోన్‌లో ఉన్నదంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టక తప్పదు.

1. పాత ఫోనును సిద్ధం చేయండి. డేటాను ఐఫోన్‌కు పంపే ఆపిల్ యాప్ Move to iOS ను ఇన్‌స్టాల్ చేసి, వాట్సాప్‌ను అప్‌డేట్ చేయండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వై-ఫై కూడా ఆపి, నాలుగేళ్ల కిందటి ఫొటో ఒకటి తెరవండి. మసకగా ఆగిపోతే, అది ఫోనులో లేదు, గూగుల్ ఫొటోస్‌లో మాత్రమే ఉందన్నమాట. చూశాక ఏరోప్లేన్ మోడ్ తీసేసి, వై-ఫై మళ్లీ ఆన్ చేయండి. అలాంటివి ఈ పద్ధతిలో రావు. ఐఫోన్‌లో గూగుల్ ఫొటోస్ పెట్టుకుని అదే ఖాతాతో చూసుకోవాలి. సిమ్ కార్డులో సేవ్ అయిన నంబర్లు ఉంటే వాటిని గూగుల్ ఖాతాలోకి మార్చండి.

స్థలం కూడా లెక్క వేయండి. ఫొటోలు, వీడియోలు 50 జీబీ, వాట్సాప్ 20 జీబీ ఉంటే 64 జీబీ ఐఫోన్‌లో పట్టవు. పనికిరాని వీడియోలను ముందే తీసేయండి.

2. రెండు ఫోన్లనూ కలపండి. రెండింటికీ చార్జర్ పెట్టండి. ఐఫోన్ సెటప్‌లో డేటా బదిలీ తెర వచ్చినప్పుడు From Android ఎంచుకోండి. అక్కడ కనిపించే కోడ్‌ను పాత ఫోనులోని Move to iOS యాప్‌లో కొట్టండి. ఏమేం పంపాలో అడిగే జాబితాలో ముందు వాట్సాప్‌ను నొక్కి, Start ఇవ్వండి. డేటా సిద్ధం కాగానే పాత ఫోనులో వాట్సాప్ లాగౌట్ అవుతుంది. కంగారు పడకండి, అది మామూలే. తర్వాత ఫొటోలు, కాంటాక్టులు కూడా ఎంచుకుని బదిలీ మొదలుపెట్టండి.

3. ఇక ఫోను జోలికి వెళ్లకండి. బదిలీలు సగంలో ఆగేది ఎక్కువగా ఇక్కడే. పాత ఫోనులో వేరే యాప్ తెరిచినా, కాల్ వచ్చినా అంతా మొదటికి రావచ్చు. పదే పదే తెగిపోతుంటే పాత ఫోనులో మొబైల్ డేటాను ఆపండి. రెండు ఫోన్ల మధ్య ఐఫోన్ ఏర్పరిచే తాత్కాలిక వై-ఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి, కొన్ని ఫోన్లు దాన్ని వదిలేసి మొబైల్ డేటా వైపు వెళ్లిపోతాయి. పాత ఫోను "పూర్తయింది" అన్నా, ఐఫోన్ మీది గీత నిండేదాకా ఆగండి.

4. చాట్లను తెరవండి. ఐఫోన్‌లో వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి, పాత నంబరుతోనే లాగిన్ అవ్వండి. వేరే నంబరు ఇస్తే చాట్లు రావు. అడిగినప్పుడు Start నొక్కండి. కాల్స్ చరిత్ర మాత్రం రాదు.

బాగా పాత చాట్ ఒకటి తెరిచి, అందులోని ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు పనిచేస్తున్నాయో లేదో చూడండి. పాత ఫోనులోని చాట్లు మీరు తీసేసేదాకా అందులోనే ఉంటాయి. కాబట్టి ఈ పరీక్ష అయ్యాకే దాన్ని చెరపండి.