ట్రేడింగ్ పాఠాలు – 4: నూటికి అరవై ఐదు గెలిచి కూడా నష్టపోవడం ఎలా?

నష్టం పెరక్కుండా బయటపడే ధరే స్టాప్‌లాస్. అది ఎక్కడ పెట్టాలో, దాన్ని బట్టి ఎన్ని షేర్లు కొనాలో పోయిన పాఠంలో చూశాం. ఈసారి లెక్క ఒక నోటుబుక్కుతో మొదలుపెడదాం.

మా బావమరిది గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. టిక్కీల తూకం, పట్టీలు రాయడం అతని పని. ఖాళీ దొరికితే ఫోన్లో ఇంట్రాడే చేస్తాడు, అంటే కొన్న షేర్లు ఆ రోజే అమ్మేస్తాడు. ఒక ఆదివారం నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేశాడు. "బావా, నలభై ట్రేడుల్లో ఇరవై ఆరు గెలిచాను. మరి డబ్బేది?"

గెలుపు 65 శాతం. అందులో అబద్ధం లేదు. పక్క గడులు కూడా కూడమన్నాను. గెలిచిన ట్రేడులో సగటు లాభం 600 రూపాయలు, ఓడిన ట్రేడులో సగటు నష్టం 1,400. 26 గెలుపులకు వచ్చింది 15,600. 14 ఓటములకు పోయింది 19,600. నికరంగా 4,000 నష్టం, అంటే ట్రేడు వేసిన ప్రతిసారీ సగటున వంద రూపాయలు చేతినుంచి జారినట్టు. ఆ వందనే ఎక్స్‌పెక్టెన్సీ అంటారు. సూత్రం ఇంతే:

```
E = (W × G) − ((1 − W) × L)
```

W గెలుపు శాతాన్ని వందతో భాగించిన అంకె, G సగటు లాభం, L సగటు నష్టం. 0.65 × 600 అంటే 390, 0.35 × 1,400 అంటే 490. తేడా మైనస్ వంద. సున్నా దగ్గర ఆగాలన్నా ఎంత గెలవాలో తెలియాలంటే నష్టాన్ని, లాభనష్టాల మొత్తంతో భాగించాలి: 1,400 / 2,000. అంటే 70 శాతం. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. అతని 65 మంచి అంకెలా కనిపిస్తుంది గానీ, ఈ సైజు లాభనష్టాలకు అది చాలదు.

తమాషా ఏమిటంటే, నోటుబుక్కులో 'ప్లాన్' అన్న గడిలో నలభైకి నలభై ట్రేడులూ ఒకటికి రెండు నిష్పత్తిలోనే ఉన్నాయి: 700 రిస్కు, 1,400 టార్గెట్. మరి జరిగిందేమిటి? 600 లాభం కనపడగానే అమ్మేశాడు. ధర స్టాప్ దాకా వచ్చినప్పుడల్లా స్టాప్‌ను ఇంకాస్త కిందికి జరిపాడు. రేటు పడితే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చునే అలవాటు యార్డులో రోజూ చూసేదే కదా, అదే ఇక్కడా చేశాడు. గెలుపు 65కు చేరింది కూడా అందువల్లే. దగ్గరి లాభం త్వరగా తగులుతుంది, దూరపు స్టాప్ అరుదుగా తగులుతుంది. ప్లాన్‌లో రాసుకున్న నిష్పత్తి వేరు, చేతికి వచ్చిన నిష్పత్తి వేరు. లెక్కకు రెండోదే పనికొస్తుంది.

"అయితే టార్గెట్ దూరం పెడితే సరి" అన్నాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. టార్గెట్ దూరం జరిపితే గెలుపు శాతం తగ్గుతుంది. ధర బొమ్మా బొరుసూ ఆటలా ఎటుపడితే అటు కదులుతోందనుకోండి. స్టాప్‌కు రెట్టింపు దూరంలో ఉన్న టార్గెట్ ముందుగా తగిలే అవకాశం సరిగ్గా మూడింట ఒకటి. బ్రేక్ ఈవెన్‌కు కావలసిందీ అంతే, 700 / 2,100. ఎక్స్‌పెక్టెన్సీ సున్నా. ఒకటికి మూడు పెట్టినా, ఒకటికి అయిదు పెట్టినా అదే సున్నా. ఎంట్రీలో పస ఉంటేనే గెలుపు ఆ గీత పైకి వస్తుంది. నిష్పత్తి ఒక్కటే డబ్బు పుట్టించదు.

తర్వాతి నలభై ట్రేడులు స్టాప్ జరపకుండా, లాభం మధ్యలో తీసుకోకుండా చేశాడు. 16 గెలిచాడు, 40 శాతం. 0.4 × 1,400 అంటే 560, 0.6 × 700 అంటే 420. ట్రేడుకు 140 ప్లస్. ముఖం వెలిగింది.

ఖర్చులు తీయమన్నాను. బ్రోకరేజీ, షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్‌టీటీ, జీఎస్‌టీ, స్టాంపు డ్యూటీ, స్టాప్ పడ్డప్పుడు అనుకున్న ధరకన్నా కిందికి అమ్ముడైన తేడా, అన్నీ కలిపి అతని సైజుకు ట్రేడుకు సుమారు 80 తేలింది. మిగిలింది 60. లాభం 1,320కి తగ్గింది, నష్టం 780కి పెరిగింది. కనుక బ్రేక్ ఈవెన్ కూడా 33 నుంచి 37 శాతానికి ఎక్కింది.

ఇప్పుడు అసలు మెలిక. 16 గెలుపులకు మొత్తం 2,400 లాభం. 15 అయితే 300. 14 అయితే 1,800 నష్టం. రెండు ట్రేడులు అటూ ఇటూ అయితే ఫలితమే తలకిందులు. నలభై ట్రేడుల్లో కనిపించే 40 శాతానికి కేవలం అదృష్టం వల్లే ఎనిమిది శాతం దాకా తేడా రావడం మామూలే. అసలు గెలుపు 32 అయినా కావచ్చు, 48 అయినా కావచ్చు. కాబట్టి ఇప్పుడే క్వాంటిటీ పెంచొద్దన్నాను. కాస్త మూతి ముడిచాడు, వంద ట్రేడులు దాటాక మళ్ళీ కూర్చుందామని నోటుబుక్కు మూసేశాడు.

వచ్చే పాఠానికి మీ చివరి ముప్పై ట్రేడులు రాసి పెట్టుకోండి: ప్లాన్ చేసిన రిస్కు ఒక గడిలో, నిజంగా వచ్చింది లేదా పోయింది ఇంకో గడిలో, ఖర్చులు మూడో గడిలో. 40 శాతం గెలిచే పద్ధతిలో వరుసగా ఎన్ని ఓటములు రావచ్చో వాటిమీదే లెక్కేద్దాం.