చెరువు లీజు డ్రాఫ్టు దిద్దడం ఎలా? దేనికి పట్టుబట్టాలి, దేన్ని వదలాలి

ఆకివీడు వైపు ఆరెకరాల వరిచేనును రొయ్యల చెరువుకు ఐదేళ్ల లీజుకిస్తున్న రైతు ఉన్నాడనుకుందాం. లీజుకు తీసుకునేవాళ్లు డ్రాఫ్టును వర్డ్ ఫైలుగా పంపారు. రైతు తరఫున దిద్దాల్సింది మీరు.

వాళ్ల ఫైలును అలాగే దాచి, కాపీలో Review కింద Track Changes ఆన్ చేయండి. ఒక్క అక్షరం మార్చకముందే చివరిదాకా చదవండి. నాలుగో క్లాజులో అద్దె బాగానే కనిపిస్తుంది. పదకొండులో 'తెగులుతో పంట పోతే సగం అద్దె' అని ఉంటుంది.

ఇప్పుడు విడిగా ఒక కాగితం తీసుకుని మార్పులను మూడు రకాలుగా విడదీయండి.

మొదటివి, ఒప్పుకోకపోతే రైతు సంతకం పెట్టకుండా లేచి వచ్చేసేవి. ఇవి రెండు మూడుకు మించవు. ఇక్కడ ముఖ్యమైనది భూమిని మళ్లీ చేను చేసి ఇవ్వడం. డ్రాఫ్టులో 'సాధ్యమైనంత మేరకు పూడ్చి అప్పగిస్తారు' అని ఉంది. ఆ మాటతో రేపు ఎవరినీ నిలదీయలేం. క్లాజంతా తిరగరాయకుండా 'సాధ్యమైనంత మేరకు' కొట్టేసి, 'గడువు ముగిసిన 60 రోజుల్లోగా గట్లు తీసి, చదును చేసి' అని చేర్చండి. చివర 'లేకుంటే ఆ ఖర్చు డిపాజిట్ నుంచి మినహాయించుకోవచ్చు' అని రాయండి. ఆ డిపాజిట్ సరిపోతుందో లేదో ముందే పొక్లెయిన్ వాళ్లనడిగి లెక్క వేసుకోండి. కరెంటు సర్వీసు రైతు పేరునే ఉంటే బకాయిలు ఎవరివో కూడా ఇక్కడే తేల్చాలి. ఇలాంటి మార్పు పక్కన ఒక్క వాక్యంలో కారణం కామెంటుగా పెట్టండి.

రెండోవి బేరానికి పనికొచ్చేవి. మనం ఏడాది అద్దె ముందే ఒకేసారి అడుగుతాం. వాళ్లు పంట పట్టాక రెండు విడతల్లో ఇస్తామంటారు. దానికి ఒప్పుకుని డిపాజిట్ పెంచమనవచ్చు. ప్రతిదాని ఎదురుగా 'ఇది వదిలితే ఏం తీసుకుంటాం' అని మీ కాగితం మీదే రాసుకోండి. ఫైలులో కామెంటుగా రాస్తే అది అవతలివాళ్లకు చేరిపోతుంది.

మూడోవి అచ్చుతప్పులు, వాక్యాల సొగసు. అర్థం మారనివైతే చాలావరకు వదిలేయండి. ఎర్రగీతలు యాభై ఉంటే అసలైన రెండూ వాటిలో మునిగిపోతాయి. పైగా కామాలు ఒప్పుకుని 'మీవి చాలా ఒప్పుకున్నాం' అంటారు. అయితే సర్వే నంబరులో ఒక్క అంకె తేడా అచ్చుతప్పు కాదు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ తర్వాత తప్పు దిద్దాలంటే మళ్లీ సవరణ దస్తావేజు రాయించుకోవాలి. హద్దులు, విస్తీర్ణం, నంబర్లు పాసు పుస్తకంతో పోల్చి చూడండి.

పంపే ముందు, దాచిన మొదటి ఫైలుతో మీ కాపీని Compare చేయండి. అందులో తేలిన మార్పులన్నీ మీ కాపీలోనూ గీతలతో ఉన్నాయో లేదో చూసుకోండి. వాళ్ల జవాబు వచ్చాక కూడా, వాళ్ల గీతలను మాత్రమే నమ్ముకోకుండా, మీరు పంపిన ఫైలుతో మళ్లీ Compare చేయండి. గీత లేకుండా మారిన మాట ఉంటే అక్కడే దొరుకుతుంది.