మా బాబు కొరకడం ఎలా మానాడంటే

బెంగళూరులో డేకేర్‌కు వెళ్లే మా బాబు 20 నెలల వయసులో వారానికి రెండు మూడుసార్లు పిల్లల్ని కొరికేవాడు. మొదట్లో గట్టిగా కోప్పడ్డాను, ఇంకా ఎక్కువైంది. తిరిగి కొరికితే తెలుస్తుందని మా అత్తయ్య అన్నారు కానీ నాకు మనసొప్పలేదు. కొరకడం మామూలే అని వాడికి మనమే నేర్పినట్టవుతుంది.

వారం రోజులు ఎప్పుడు, ఎవరిని, దేనికి ముందు కొరికాడో ఆయమ్మ చేత రాయించాను. దాదాపు అన్నీ పదకొండున్నర ప్రాంతంలో, ఆకలి వేళ, చేతిలో బొమ్మ ఎవరో లాక్కున్నప్పుడే. వాడికి వచ్చినవి పది పన్నెండు తెలుగు మాటలు, చుట్టూ కన్నడ, హిందీ. కోపం చెప్పుకోవడానికి పళ్లే మిగిలాయి.

పదకొండింటికి అరటిపండు పెట్టమన్నాను. ఇంట్లో రోజూ బొమ్మలతో ఆడుతూ అరచేయి చాపి "ఇవ్వు" అనడం, చేయి అడ్డం పెట్టి "వద్దు" అనడం నేర్పాను. మాట అర్థం కాకపోయినా సైగ ఏ భాష పిల్లలకైనా అర్థమవుతుంది. నోరు తెరిచి మీదికి వంగగానే ఆయమ్మ మధ్యలో చేయి పెట్టి "కోపం వచ్చింది కదా, వద్దు అని చెప్పు" అనేది. అప్పటికీ కొరికితే "కొరకకూడదు, నొప్పి" అని ఒక్క మాట, ముందు ఓదార్పు దెబ్బ తగిలిన పాపకే.

తగ్గడానికి అయిదు వారాలు పట్టింది. మధ్యలో పళ్లొచ్చి మళ్లీ రెండుసార్లు కొరికాడు. మూడేళ్లు దాటినా కొరకడం తగ్గకపోతే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి, మాటలు పెరగకపోతే అంతవరకు ఆగకుండా ముందే చూపించాలి.