సైట్ ప్లాన్ జీఐఎస్‌లో సముద్రంలో తేలుతోందా? ముందు UCS చూడండి

సమస్య: కావలి దగ్గర లేఅవుట్ డ్రాయింగ్. ఆటోక్యాడ్‌లో కంట్రోల్ పాయింట్ మీద ID కొడితే X 3,91,000 దగ్గర, Y 16,48,000 దగ్గర చూపిస్తుంది. యూటీఎం 44 నార్త్ లెక్కన సరిగ్గానే ఉంది. డీఎక్స్ఎఫ్‌ను క్యూజీఐఎస్‌లో తెరిచి EPSG:32644 ఇస్తే మాత్రం ప్లాన్ కన్యాకుమారికి చాలా దక్షిణంగా, భూమధ్యరేఖ దగ్గర సముద్రంలో పడుతుంది.

ఇక్కడే అందరూ సీఆర్ఎస్‌లు ఒక్కొక్కటీ మార్చి చూస్తారు. పూటంతా పోతుంది తప్ప ఫలితం ఉండదు.

కారణం: షీట్ మీద రోడ్డు అడ్డంగా కనిపించాలని డ్రాఫ్ట్స్‌మన్ గీతలన్నిటినీ సున్నా దగ్గరికి జరిపి తిప్పేస్తాడు. రీడింగులు సరిగా రావాలని దాని మీద ఒక UCS పెడతాడు. ID చూపేది ఆ UCS లెక్క. డీఎక్స్ఎఫ్ నుంచి జీఐఎస్ చదివేది వరల్డ్ లెక్క. కమాండ్ లైన్‌లో `WORLDUCS` కొట్టండి, 0 వచ్చిందంటే అనుమానించాల్సిందే. తర్వాత `UCS`, `W` ఇచ్చి అదే పాయింట్ మీద మళ్లీ ID కొట్టండి. చిన్న అంకెలు వస్తే దొంగ దొరికినట్టే. పెద్ద అంకెలే వస్తే గీతలు సరైన చోటే ఉన్నాయి, తిప్పింది చూపు మాత్రమే.

పరిష్కారం: `UCS`, `P` ఇచ్చి పాత UCSకి తిరిగి వెళ్లి, దూరదూరంగా ఉన్న రెండు కంట్రోల్ పాయింట్ల అంకెలు రాసుకోండి. సర్వేయర్ ఇచ్చిన లిస్టుతో సరిపోల్చుకోండి. తర్వాత లేయర్లన్నీ థా చేసి, అన్‌లాక్ చేయండి. ఇది వదిలేస్తే ఫ్రీజ్‌లో ఉన్నవి సున్నా దగ్గరే మిగిలిపోయి, రేపు జీఐఎస్‌లో పిచ్చి గీతలై తేలతాయి. F12తో డైనమిక్ ఇన్‌పుట్ కూడా ఆపండి, లేకపోతే మీరు టైప్ చేసిన అంకెల్ని ముందు పాయింట్ నుంచి కొలిచే దూరాలుగా తీసుకుంటుంది. ఆపైన:

```
UCS
W
ALIGN
```

అన్నీ సెలెక్ట్ చేసి, మొదటి పాయింట్ స్నాప్‌తో పట్టుకుని దాని అసలు అంకెలు టైప్ చేయండి. రెండోదీ అంతే. మూడోది అడిగితే ఎంటర్. స్కేల్ చేయాలా అంటే `N`. నేల మీద టేపు కొలతకూ యూటీఎం దూరానికీ మన వైపు 100 మీటర్లకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల తేడా సహజం, దాన్ని చూసి కంగారుపడి `Y` కొట్టకండి. వెయ్యి రెట్లు తేడా ఉంటే మాత్రం డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంది, ముందే `SCALE` 0.001 ఇవ్వండి.

గీతల శుభ్రం: టైటిల్ బ్లాక్, నార్త్ యారో, డైమెన్షన్లు దాచడం కాదు, కాపీ ఫైల్లో చెరిపేయండి. `OVERKILL` ఒకసారి నడిపి, క్యూజీఐఎస్‌లో `"Layer" = 'PLOTS'` లాంటి ఫిల్టర్‌తో ప్లాట్లను వేరుగా సేవ్ చేసుకోండి. డీఎక్స్ఎఫ్ నుంచి ప్లాట్లు గీతలుగానే వస్తాయి, వాటి మీద `Polygonize` నడపండి. అప్పుడూ పాలిగన్ రాని చోట మూల దగ్గర గీత కలవలేదని అర్థం.

ఫైల్ పాడవడం, వెర్షన్ గొడవలు చాలా అరుదు. అనుమానం ఉంటే పాత డీఎక్స్ఎఫ్ వెర్షన్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి.