శ్రావణం అగ్రిమెంట్లకు ముందు: ఇండెమ్నిటీ అంటే నష్టపరిహారం కాదు

ఆషాఢం వెళ్ళగానే అనువాదం చేసేవాళ్ళకి పని మీద పడుతుంది. మంచిరోజు చూసుకుని సంతకాలు పెట్టుకునేవాళ్ళు ముహూర్తానికి రెండు రోజుల ముందు డ్రాఫ్ట్ పంపి, "రేపటికి తెలుగు చేసి ఇచ్చేయండి, స్లాట్ కూడా బుక్ అయిపోయింది" అంటారు. ఆ హడావుడిలో ఇండెమ్నిటీ ఉన్నచోట నష్టపరిహారం అని రాసేసే తప్పు గురించే ముఖ్యంగా ఇదంతా. స్పెల్లింగులు, సర్వే నంబర్లు, అంకెలు సరిచూసుకోవడం మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

మొన్న ఒక పెద్దాయన తన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. 600 గజాల్లో ఉన్న పాత ఇంటిని బిల్డర్‌కి ఇచ్చారు. తనకి ఇంగ్లిష్ రాదని పట్టుబట్టి తెలుగులోనే రాయించుకుని, ఆ తెలుగు ప్రతినే రిజిస్టర్ చేయించుకున్నారు. ఇంగ్లిష్ డ్రాఫ్ట్ మీద ఎవరి సంతకమూ లేదు. మూడో అంతస్తు సెంట్రింగ్ పనిలో ఒక కుర్రాడు పరంజి మీద నుంచి పడ్డాడు. ప్లాన్ పర్మిషన్ స్థలం యజమాని పేరు మీదే ఉంది కదా అని, ఆ కుటుంబం బిల్డర్‌తో పాటు ఈయన మీద కూడా కేసు వేసింది.

ఇంగ్లిష్ డ్రాఫ్ట్‌లో విషయం తేటగానే ఉంది. సైట్‌లో జరిగే ప్రమాదాల వల్ల యజమాని మీదకి ఏ క్లెయిము వచ్చినా బిల్డర్ ఇండెమ్నిఫై చేయాలి, అంటే ఆ భారం తనే మోయాలి. తెలుగు ప్రతిలో మాత్రం ఇలా ఉంది: "సైటులో ప్రమాదముల వలన నష్టము సంభవించిన యెడల నష్టపరిహారము చెల్లించబడును." ఎవరు చెల్లిస్తారు? ఎవరికి? బిల్డర్ అన్న మాట వినండి: "బాబాయ్ గారూ, పడింది ఆ కుర్రాడు. మీకేం నష్టం వచ్చిందని పరిహారం ఇవ్వమంటారు?" లాయర్ ఫీజు ఇప్పటికీ పెద్దాయన జేబులోంచే పోతోంది.

ఇండెమ్నిటీ అంటే నష్టపరిహారం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఈ రెండూ వేర్వేరు సెక్షన్లు. ఒప్పందం తప్పినవాడు రెండోవాడికి కలిగిన నష్టానికి ఇచ్చేది నష్టపరిహారం, అది 73వ సెక్షన్. అక్కడ అవతలివాడు మాట తప్పాడని, దాని వల్లే నాకు నష్టం వచ్చిందని చూపించాలి. ఇండెమ్నిటీ 124వ సెక్షన్. "నా వల్ల గానీ వేరేవాళ్ళ వల్ల గానీ నీకు నష్టం వస్తే అది నాది" అని ముందే ఇచ్చే మాట అది. బిల్డర్ ఏ షరతూ తప్పకపోయినా ఆ మాట నిలబడుతుంది. 125వ సెక్షన్ ప్రకారం అందులోకి కోర్టు ఖర్చులు వస్తాయి, సబబుగా చేసుకున్న రాజీలో కట్టిన డబ్బూ వస్తుంది. బాధ్యత ఖాయమైపోయాక, ముందు తన జేబులోంచి కట్టకుండానే ఆ భారం తీర్చమని అవతలివాణ్ణి అడగొచ్చని 1942లోనే బొంబాయి హైకోర్టు చెప్పింది. నష్టపరిహారం అని రాసిన మరుక్షణం వీటన్నిటికీ చిక్కు తెచ్చిపెట్టినట్టే.

మరి ఏం రాయాలి? నష్టపూర్తి అని రాసేవాళ్ళున్నారు. తప్పనను, కానీ చదివే మనిషికి ఆ మాట అర్థం కాదు. నేనైతే శీర్షికలో ఇండెమ్నిటీ అనే ఉంచి, కింద వాక్యంలో విప్పి రాస్తాను: "సైట్‌లో జరిగే ఏ ప్రమాదం వల్లనైనా యజమాని మీద ఎవరు క్లెయిము చేసినా, కేసు వేసినా, ఆ మొత్తాన్నీ కోర్టు ఖర్చులనూ బిల్డరే భరించి, యజమానికి ఏ నష్టమూ లేకుండా చూడాలి." పొడుగైంది, నిజమే. పేజీకి ఇంత అని డబ్బు తీసుకునేటప్పుడు పొడుగైతే బాధేముంది?

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి వెళ్ళేటప్పుడూ ఇదే గొయ్యి. పాత క్రయదస్తావేజుల్లో చూడండి: "ఈ ఆస్తి విషయమై ఏ విధమైన తగాదాలు వచ్చినను నా స్వంత ఖర్చులతో పరిష్కరించి, మీకు కలుగు నష్టమును నా ఇతర స్థిర చరాస్తుల ద్వారా భర్తీ చేయగలవాడను." దస్తావేజు రాసేవాళ్ళు ఇండెమ్నిటీ అన్న మాట వాడకుండానే ఇండెమ్నిటీ రాసిపెట్టారు. దాన్ని ఇంగ్లిష్‌లో కాంపెన్సేట్ అనేసి ఊరుకోకండి. ఇండెమ్నిఫై అనే రాయండి, సొంత ఖర్చు మాటా వదలకండి.

హామీ, పూచీ అని కూడా రాయొద్దు. అది గ్యారంటీ, 126వ సెక్షన్. అందులో అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, పూచీ పడ్డవాడు అని ముగ్గురుంటారు.

ఇక జ్యూరిస్‌డిక్షన్, అంటే గొడవ వస్తే ఏ ఊరి కోర్టు వినాలో చెప్పే షరతు. "హైదరాబాద్ పరిధికి లోబడి" అని రాస్తే అది కార్పొరేషన్ పరిధా, పోలీస్ స్టేషన్ పరిధా? కోర్టుల విచారణాధికారం అని పూర్తిగా రాయండి. ఏ చట్టం వర్తిస్తుందనేది వేరే షరతు, కోర్టు బదులు మధ్యవర్తి తీర్పుకి ఏ ఊరు కేంద్రమో చెప్పే ఆర్బిట్రేషన్ సీటు ఇంకో షరతు. మూడింటికీ పరిధి అన్న మాటే అంటించొద్దు.

ఇక్కడ మన భాషలో ఒక చిన్న ఏకారం కొంప ముంచుతుంది. "హైదరాబాద్ కోర్టులకు విచారణాధికారం ఉంటుంది" అంటే ఒకటి. "కోర్టులకే" అంటే ఇంకెక్కడా వేయకూడదని. మూలంలో ఓన్లీ గానీ ఎక్స్‌క్లూజివ్ గానీ లేకపోతే ఆ "కే" మీరు పెట్టకూడదు. ఉంటే మింగకూడదు. ఆ మాట లేకపోయినా మిగతా కోర్టులను తప్పించినట్టే కావచ్చని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో సుప్రీం కోర్టు అంది. అది తేల్చుకోవాల్సింది జడ్జిగారు, మనం కాదు.

స్థలం ఒక జిల్లాలో ఉండి, షరతులో ఇంకో జిల్లా కోర్టు పేరు కనబడొచ్చు. భూమి హక్కు దావా భూమి ఉన్న చోటే వేయాలి, అధికారం లేని కోర్టుకి మనుషులు రాసుకుంటే అధికారం రాదు. అయినా అనువాదంలో దాన్ని దిద్దకండి. ఉన్నది ఉన్నట్టు చేసి, విడిగా కాగితం మీద లాయర్‌కి రాసి పంపండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

"చెల్లించబడును" రాయొద్దు. కర్త లేని ఇండెమ్నిటీ వాక్యం ఒక్కటి కూడా మీ చేతిలోంచి బయటికి పోకూడదు.

ఇంగ్లిష్‌లో షల్ అని, అంటే తప్పక చేయాలని ఉన్నచోట "చేయవచ్చు" అని పెట్టొద్దు.

ఏ ప్రతి చెల్లుతుందో చెప్పే షరతు ఉందా? ముందు అది చదవండి. లేకపోతే అడగండి.

నిర్వచనాల్లో ఒక మాట ఎంచుకున్నాక చివరిదాకా అదే. అందం కోసం మార్చొద్దు.

పాత ఫైల్లోంచి షరతు కాపీ చేయొద్దు. పెద్దాయన కాగితంలో ఆ వాక్యం అలా వచ్చిందేనని నా అనుమానం.

ఇండెమ్నిటీ అంటే నష్టపరిహారం కాదు. ఫైల్లో నష్టపరిహారం అన్న మాట వెతికి, ప్రతిచోటా మూలంలో ఏముందో చూడండి.

ఇంట్లో ఇంగ్లిష్ చూడనివాళ్ళ చేత తెలుగు ప్రతి చదివించండి. ఎవరు కట్టాలి, ఎవరి తరఫున, ఎప్పుడు? మూడింట్లో ఒక్కదానికి తడబడినా వాక్యం తిరగరాయండి.

రేపటికి కావాలంటే కుదరదని చెప్పండి. స్లాట్ మార్చుకుంటారు.